అడ్వాన్సు లెక్క ఇలా తేల్చాను: ఖాళీ చేస్తున్నవారికి రాసిన ఉత్తరం

బాబూ,

మీరు చేరేటప్పుడు ఇచ్చిన 36,000ను మన తిరుపతిలో అందరిలాగే ‘అడ్వాన్సు’ అనేశాం, తికమక అక్కడే. అగ్రిమెంటు ప్రకారం అందులో 9,000 చివరి నెల అద్దె ముందుగా తీసుకున్నది. కాబట్టి ఈ నెల అద్దె ఇవ్వక్కర్లేదు. మిగతా 27,000 డిపాజిట్టు. అది మీ డబ్బే, నా దగ్గర ఉందంతే.

అందులో కోతలు రెండే. పగిలిన వాష్‌బేసిన్ మార్చడానికి 1,850; రసీదు జతచేశాను. కరెంటు బిల్లు మీరు వెళ్లాక వస్తుంది గనుక, తాళాలిచ్చే రోజు ఇద్దరం మీటరు రీడింగు ఫోటో తీసుకుని లెక్కగట్టుకుందాం. సుమారు 1,150 అనుకుంటున్నా.

మూడేళ్లకు వెలిసిన సున్నం, బోరు నీళ్ల ఉప్పుకు తెల్లబడ్డ కుళాయిలు వాడకపు అరుగుదల, వాటికి పట్టుకోను. గోడకు కొట్టిన రెండు మేకులూ అంతే.

మీకు సుమారు 24,000 వస్తుంది. బ్యాంకు ఖాతాకే వేస్తాను, రుజువుంటుంది.

ఇంటి ఓనరు