గేజ్ 7 బార్ చూపిస్తున్నా డ్రిల్ ఎందుకు నీరసపడుతుంది?

సమస్య: ఎముక ఆపరేషన్ మధ్యలో గాలితో నడిచే డ్రిల్ వేగం తగ్గిపోతుంది. ట్రిగ్గర్ వదిలి చూస్తే గేజ్‌లో 7 బార్ అలాగే ఉంటుంది. మా దగ్గర ఇది మొదలైన రోజు ఓటీ సిస్టర్ ఫోన్ చేసి, "అన్నా, ప్రెషర్ బాగానే ఉంది, డ్రిల్లే పాడైనట్టుంది" అన్నారు. డ్రిల్ మార్చినా అదే తీరు. ఒక విషయం మాత్రం ఆవిడే గమనించారు: పక్క థియేటర్లో కూడా డ్రిల్ నడుస్తున్నప్పుడే ఇలా అవుతోంది. నాకు దారి చూపింది ఆ మాటే.

గాలి కదలనప్పుడు పైపు ఎంత సన్నగా ఉన్నా చివరి వరకూ ఒకే ప్రెషర్ ఉంటుంది. అందుకే ఆగి ఉన్న గేజ్‌ను నమ్మకూడదు, గాలి వదులుతూ కొలవాలి. సర్జికల్ ఎయిర్ అవుట్‌లెట్‌కు పరీక్ష ప్రవాహం నిమిషానికి 350 లీటర్లు. ఆ ప్రవాహంలో 7 బార్ మీద 15 శాతానికి మించి పడకూడదు, అంటే 5.95 బార్ కంటే దిగకూడదు.

గేజ్ ఉన్న టెస్ట్ ప్రోబ్ పెట్టి చూశాను. ఒక థియేటర్లోనే వదిలితే 6.5 బార్ వచ్చింది. రెండింట్లో కలిపి వదిలితే 5.8కి పడింది.

కారణం ఎక్కడుందో మూడు చోట్ల చూస్తే తేలుతుంది, గాలి వదులుతూనే చూడాలి. ప్లాంట్ రూమ్ రెగ్యులేటర్ దగ్గరే పడితే రెగ్యులేటర్ చాలడం లేదు. థియేటర్లకు గాలి ఆపే వాల్వ్‌లుండే ఏరియా వాల్వ్ బాక్స్ దగ్గర ప్రెషర్ తగ్గకుండా అవుట్‌లెట్‌లో మాత్రమే పడితే అవుట్‌లెట్, హోస్ చూడాలి. మాకు రెగ్యులేటర్ దగ్గర కదలిక లేదు, వాల్వ్ బాక్స్ దగ్గరే 6 బార్‌కు వచ్చేసింది. మధ్యలో వాల్వ్‌లన్నీ పూర్తిగా తెరిచే ఉన్నాయి. ఇక మిగిలింది పైపే.

ఆ పైపు 12 మి.మీ. కాపర్, లోపలి వ్యాసం 10.6 మి.మీ. వంపులు కలిపి 40 మీటర్లు. లెక్క వేస్తే 350 లీటర్లకు దాదాపు 0.27 బార్, 700 లీటర్లకు 0.95 బార్ నష్టం. ప్రవాహం రెట్టింపైతే నష్టం మూడున్నర రెట్లవుతుంది. ఒక్క థియేటర్ ఉన్నప్పుడు సరిపోయిన పైపుకే తర్వాత రెండోదీ కలిపేశారు.

పరిష్కారం: రెగ్యులేటర్ తిప్పి 8 బార్ చేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దు. ట్రిగ్గర్ వదిలిన క్షణం ఆ ఎక్కువ ప్రెషరంతా పనిముట్టు మీద పడుతుంది, పైపులో నష్టం మాత్రం పోదు.

పైపునే మార్చాలి. నేను ట్రంక్ పైపు ఒక్కదానికే 0.35 బార్, అంటే 5 శాతం, హద్దుగా పెట్టుకుంటాను. 15 మి.మీ. వేస్తే 700 లీటర్లకు 0.28 బార్, సరిపోతుంది. కానీ మూడో థియేటర్ వస్తే అది 0.6 దగ్గరికి వెళ్తుంది. అందుకే 22 మి.మీ. వేశాం, నష్టం 0.05 బార్ కూడా లేదు. థియేటర్లలోకి దిగే చిన్న కొమ్మలు పాతవే ఉంచాం.

బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ లోపల నైట్రోజన్ పారుతూ ఉండాలి, లేదంటే నల్లటి పొలుసు రాలి అవుట్‌లెట్ ఫిల్టర్లలో చేరుతుంది. తర్వాత లీకేజీ, గ్యాసులు తారుమారు కాలేదన్న పరీక్ష, శుభ్రత చూసి, రెండు థియేటర్లలో ఒకేసారి గాలి వదిలాం. అవుట్‌లెట్ దగ్గర 6.7 బార్ నిలబడింది.