అప్పు పాఠాలు – 3: మర్యాదగా వచ్చిన మెసేజే గీత దాటింది

పోయిన పాఠంలో లోన్ స్టేట్‌మెంట్ చదవడం నేర్చుకున్నాం. ఈసారి వాయిదా తప్పాక ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు చదువుదాం. చాలామంది వీటిని గొంతును బట్టి కొలుస్తారు. "గారు" అంటే మంచిది, గట్టిగా ఉంటే వేధింపు అనుకుంటారు. ఆ కొలత తప్పు.

మా తోడల్లుడిది భీమవరం దగ్గర పల్లె. లీజు చెరువులో రొయ్యలు వేశాడు. వైట్ స్పాట్ రోగం తగిలి, రొయ్యలు అమ్మే సైజుకి రాకముందే పట్టేయాల్సి వచ్చింది. యాప్‌లో తీసుకున్న పర్సనల్ లోన్‌కి నెలకు 6,840 రూపాయల వాయిదా, 5వ తేదీన కట్టాలి. ఆ నెల ఖాతాలో డబ్బుల్లేవు. అతనికి వచ్చిన నాలుగు మెసేజ్‌లూ వరసగా చూద్దాం.

2వ తేదీ: "రూ.6,840 వాయిదా 5న మీ ఖాతా నుంచి తీసుకుంటాం. బ్యాలెన్స్ ఉంచగలరు." ఇది గుర్తు చేయడమే.

7వ తేదీ: "వాయిదా జమ కాలేదు. ఆలస్య రుసుము పడింది. బకాయి కొనసాగితే క్రెడిట్ సమాచార సంస్థలకు తెలియజేస్తాం." ఇది చదివి మావాడు రాత్రంతా టెన్షన్ పడ్డాడు. కానీ ఇందులో తప్పేమీ లేదు. రుసుము ఒప్పందంలో రాసినదే. క్రెడిట్ రిపోర్టులో ఆలస్యం నమోదు చేయడం సంస్థ చేయగలిగిన, చేయాల్సిన పనే. చేదుగా ఉన్నా నిజమే చెప్పింది, చెప్పాల్సిన మనిషికే చెప్పింది.

14వ తేదీ, రాత్రి 7:50: "నమస్కారం సార్. మీ ఇబ్బంది మాకు అర్థమైంది. మీరు ఫోన్ ఎత్తడం లేదని చెరువు గలాయనకి ఒక మాట చెప్పాం. ఏమీ అనుకోవద్దు." నాలుగింటిలోకీ మర్యాదైన మెసేజ్ ఇదే, గీత దాటిందీ ఇక్కడే. రికవరీ ఏజెంట్ల గురించి రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు ఇచ్చిన ఆదేశంలో ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని ఉంది. పదే పదే చేయడమూ కూడదంది గానీ, రోజుకు ఇన్ని అని లెక్క పెట్టలేదు. బాకీదారుణ్ణి నలుగురిలో అవమానించడం, ఇంట్లోవాళ్ల, స్నేహితుల జోలికి వెళ్లడం కూడా కూడదు. హామీ సంతకం పెట్టిన మనిషిని అడగొచ్చు, అతనూ బాధ్యుడే. చెరువు గలాయన ఏ సంతకమూ పెట్టలేదు. వచ్చే పంటకి లీజు ఇస్తాడో లేదో ఆయన చేతిలో ఉంది కాబట్టే ఆయనకి చెప్పారని నా అనుమానం. ఆయన నంబరు ఎలా దొరికిందంటారా? యాప్ వేసుకున్నప్పుడు కాంటాక్టులకు అనుమతి ఇచ్చేశాడు. అసలు లోన్ యాప్‌లు కాంటాక్టుల జాబితాను ముట్టుకోకూడదని కూడా రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది.

16వ తేదీ: కోర్టు ముద్రలాంటిది అంటించిన బొమ్మ. "రేపు పదింటికల్లా కట్టకపోతే అరెస్టు వారంటు." ఇది పచ్చి అబద్ధం. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి వస్తే చెక్కు బౌన్సులాగే కేసు పెట్టే వీలు చట్టంలో ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అది అందాక కట్టడానికి 15 రోజులుంటాయి, ఆ తర్వాతే కోర్టు. రాత్రికి రాత్రి వాట్సాప్‌లో వారంటు రాదు.

కాబట్టి మెసేజ్ రాగానే గొంతు పక్కనపెట్టి మూడు చూడండి: ఎవరికి పంపారు, ఎన్ని గంటలకు, చెప్పిన పర్యవసానం నిజంగా జరిగేదేనా.

మావాడు కోపంలో 16వ తేదీ మెసేజ్ డిలీట్ చేసేశాడు. ఆ పని మీరు చేయొద్దు. నంబరు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. అవతలివాళ్ల ఫోన్‌కి వచ్చినదీ తీయించండి. మావాడికి చివరికి పనికొచ్చింది చెరువు గలాయన ఫోన్‌లో మిగిలిన మెసేజే. దాన్ని జతచేసి సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టాడు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా cms.rbi.org.in లో ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు పెట్టినంత మాత్రాన బాకీ ఆగదు, రుసుములూ ఆగవు. ఊళ్లో చేబదులు, రోజువారీ ఫైనాన్స్ వాళ్లకి ఈ దారి వర్తించదు. వాళ్లు బెదిరిస్తే పోలీస్ స్టేషనే.

వచ్చే పాఠానికి ఒక లెక్క. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే మైక్రోఫైనాన్స్ అప్పులకు వేళలు వేరు: ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. రాజోలులో ఒకావిడ అలాంటి గ్రూపు లోన్ తీసుకుంది. సాయంత్రం 6:40కి ఆవిడకి ఫోన్ చేసి, "అమ్మా, రేపు మీటింగుకి వాయిదా తీసుకురండి, లేకపోతే మీ గ్రూపువాళ్లందరినీ మీ ఇంటిముందు కూర్చోబెడతాం" అన్నారు. ఇందులో తప్పులెన్నో రాసి పెట్టుకోండి.