టోక్యో వెళ్తున్నారా? పేరును అనువదించకండి

గత వారం మా బంధువుల్లో ఒక జంట టోక్యోలో అర్ధరాత్రి దాటాక గంటన్నర సేపు రోడ్డు మీద నిలబడ్డారు. ఇద్దరికీ అరవై దాటాయి, పెద్దాయనకు షుగరు. వారి హోటలు పేరులో ‘వెస్ట్ గేట్’ అనే మాటలున్నాయి. షింజుకు స్టేషనుకు తూర్పు వైపు ట్యాక్సీ ఎక్కి, ఆయన ఆ మాటలను అనువాద యాప్‌లో కొట్టి డ్రైవరుకు చూపించారు. తెర మీద 西口 అని వచ్చింది, అంటే పడమటి ద్వారం. డ్రైవరు స్టేషను చుట్టూ తిప్పి, పడమటి ద్వారం దగ్గర దింపి, వంగి నమస్కరించి వెళ్లిపోయాడు. అతని తప్పేమీ లేదు. హోటలు బోర్డు మీద మాత్రం ఉన్నది ウエストゲート. ‘వెస్ట్ గేట్’ అన్న ధ్వనిని జపాను అక్షరాల్లో రాసుకున్నారంతే. ఆ హోటలు అక్కడికి నాలుగు స్టేషన్ల అవతల ఉంది.

మార్చి చివరలో చెర్రీ పూలు మొదలవుతాయి. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఎందరో ఉంటారు. పాస్‌పోర్టు, సిమ్ సంగతులు అందరూ చెబుతారు, నేను చెప్పను.

పేరు

పేరును అనువదించకండి, నకలు తీసుకోండి. హోటలు పంపిన ఖరారు పత్రంలో జపాను లిపిలో ఉన్న పేరు, చిరునామా, ఫోను నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఒక కాగితం మీద కూడా అచ్చు వేయించండి. చాలా ట్యాక్సీల నావిగేటర్లలో ఫోను నంబరు కొడితే చాలు, చోటు దొరుకుతుంది.

మనకు అక్షరం చూస్తే పలుకు తెలిసిపోతుంది కాబట్టి ఈ చిక్కు ఊహకు అందదు. జపాను రాతలో అర్థాన్ని చెప్పే కంజి అక్షరం అలా కాదు. 日本橋 అని రాసి ఉంటే టోక్యోలో నిహోన్‌బాషి, ఒసాకాలో నిప్పోన్‌బాషి. కెమెరా పెట్టి చూస్తే ‘జపాను వంతెన’ అని కూడా రావచ్చు. వంతెన ఎక్కడ అని అడిగితే ఎవరు ఏం చెబుతారు? కెమెరాను మెనూకు, నోటీసుకు వాడుకోండి, పేరుకు వద్దు.

రంగు, అంకె

మెట్రోలో రంగు లైనును చెబుతుంది, దిశను చెప్పదు. గింజా లైను నారింజ రంగు, గుర్తు G. ఉయెనో G16, షిబుయా G01. ఉయెనోలో షిబుయా వైపు ఎక్కితే తరవాత వచ్చే స్టేషను G15 కావాలి. G17 కనిపిస్తే అక్కడే దిగి ఎదుటి ప్లాట్‌ఫారానికి వెళ్లండి.

రంగును ఒంటరిగా నమ్మకండి. జేఆర్ అనే రైలు కంపెనీ వారి చువో లైను కూడా నారింజే. రైలు స్థానికమా, వేగమా అని చెప్పే రంగులు కంపెనీని బట్టి మారతాయి. వేగపు రైలు మీ స్టేషనులో ఆగకపోవచ్చు. ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీద ఉద్యోగికి మీ స్టేషను పేరు చూపించి రైలు వైపు వేలు చూపండి. పేరు చూపించేటప్పుడు మళ్లీ అదే మాట: నకలు చూపించండి, అనువాదం కాదు.

ఇక మిగిలినవి వరుసగా.

జపాను భాష ప్యాకును ఇంటి దగ్గరే ఫోనులోకి దింపుకోండి. భూగర్భంలో నెట్ పోతే యాప్ పనిచేయాలి.

యాప్‌కు తెలుగు నుడికారం ఇవ్వకండి. ‘నాకు వేరుశనగ పడదు’ అంటే ‘కింద పడదు’ అనుకున్నా ఆశ్చర్యం లేదు. ‘వేరుశనగ తింటే నాకు అలర్జీ వస్తుంది’ అని పూర్తిగా రాయండి. వచ్చిన జపాను వాక్యాన్ని తిరిగి తెలుగులోకి మార్చి చూశాకే చూపించండి.

ఆకుపచ్చ బోర్డు మీద తలుపులోకి పరుగెత్తే మనిషి బొమ్మ అత్యవసర ద్వారానిది. మామూలుగా బయటికి వెళ్లడానికి జేఆర్ స్టేషన్లలో పసుపు బోర్డు వెతకండి.

స్టేషను పేరుతో పాటు ద్వారం పేరు, నంబరు కూడా రాసుకోండి. షింజుకులో తప్పు ద్వారంలోంచి బయటపడితే ఇరవై నిమిషాలు పోతాయి.

ఉదయం గులాబీ రంగు గుర్తున్న ఆడవారి పెట్టెలోకి మగవారు ఎక్కకండి.

అర్ధరాత్రి ప్రాంతంలో రైళ్లు ఆగిపోతాయి. పదకొండుకే బయలుదేరండి.

భార్యాభర్తలు ఇద్దరూ ఒకే ఫోను మీద ఆధారపడకండి. కాగితం చెరొకటి ఉండాలి.

దారి తప్పితే నడవకండి. కోబాన్ అనే చిన్న పోలీసు గది, చాలాచోట్ల తలుపు మీద ఎర్రదీపంతో ఉంటుంది, అందులోకి వెళ్లండి. ప్రాణం మీదికి వస్తే అంబులెన్సుకు 119, పోలీసులకు 110.

వెళ్లాక కూడా యాప్ తెరిచి హోటలు పేరు కొట్టకండి. కాగితం తీసి ఇవ్వండి.