దవడ అంచు బిగించుకునే ముందు: మూడు నెలలు నిండకుండా ఇంకోటి వద్దు

2025 అక్టోబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. సన్నటి సూదుల గుండా చర్మం లోపలికి రేడియోఫ్రీక్వెన్సీ వేడిని పంపే ఆర్‌ఎఫ్ మైక్రోనీడ్లింగ్ గురించి. చేయించుకున్నవాళ్లలో కొందరికి చర్మం కాలింది, మచ్చలు పడ్డాయి, ముఖంలో కొవ్వు కరిగిపోయింది, నరాలు దెబ్బతిన్నాయి. సరిచేయడానికి ఆపరేషన్ అవసరమైనవాళ్లూ ఉన్నారు. అది చదివి "అయితే ఆర్‌ఎఫ్ మానేసి అల్ట్రాసౌండ్ చేయించుకుంటాను" అనుకుంటే మాత్రం ప్రమాదం పోదు. లోతుకు వెళ్లే వేడి ఏదైనా కొవ్వును కరిగించగలదు.

మంచి డాక్టర్ని చూసుకోండి, ఎండలో తిరగకండి లాంటివి మీకు తెలిసినవే. జారిన దవడ అంచును బిగించడానికి చేసే థ్రెడ్ లిఫ్ట్, ఆర్‌ఎఫ్, అల్ట్రాసౌండ్ చికిత్సల్లో ఇక్కడ ఎక్కువగా చెప్పేది ఒక్క తప్పు గురించి: మొదటి చికిత్స ఫలితం బయటపడకముందే, పని చేయలేదనుకుని దాని మీద ఇంకోటి చేయించుకోవడం. ఏదైనా వేడుక దగ్గర పడుతుంటే ఈ తొందర మరీ ఎక్కువ. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చడం వల్ల దవడ దగ్గర ముఖం పాడవొచ్చు.

మూడూ చేసే పని వేరు, పట్టే కాలం వేరు

థ్రెడ్ లిఫ్ట్‌లో చెవి ముందునుంచో, కణత దగ్గర జుట్టులోనుంచో ముళ్లున్న దారాలను చర్మం కింది కొవ్వు పొరలోకి దూర్చి, జారిన భాగాన్ని పైకి లాగి పట్టి ఉంచుతారు. తేడా అదే రోజు కనిపిస్తుంది. అందులో కొంత వాపు వల్ల వచ్చిన నిండుతనమే కాబట్టి మొదటి రెండు వారాల ఫొటోలు చూసి సంబరపడకండి. పీడీఓ అనే రకం దారం దాదాపు ఆరు నెలల్లో కరిగిపోతుంది. పీఎల్ఎల్ఏ, పీసీఎల్ దారాలు అంతకంటే ఎక్కువ కాలం ఉంటాయి. కానీ దారం ఒంట్లో ఉన్నంత కాలం లిఫ్ట్ కూడా ఉంటుందని లెక్క వేసుకోవద్దు. చాలామందికి లాగిన బిగువు అంతకుముందే సడలిపోతుంది.

రేడియోఫ్రీక్వెన్సీలో కరెంటు కణజాలం గుండా వెళ్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం వల్ల వేడి పుడుతుంది. పైపైన ప్రోబ్ తిప్పే రకం ముఖ్యంగా చర్మం మందాన్ని వేడి చేస్తుంది. సూదుల రకంలో వేడి ఎంత లోతున పుట్టాలో ఆపరేటర్ మిల్లీమీటర్లలో పెడతాడు. సగం ప్రమాదం ఆ అంకెలోనే ఉంది.

ఫోకస్డ్ అల్ట్రాసౌండ్, వాడుకలో హైఫు, చర్మం పైభాగాన్ని వదిలేసి లోపల చిన్నచిన్న బిందువుల దగ్గర 60 నుంచి 70 డిగ్రీల వేడి పుట్టిస్తుంది. ఎక్కువగా వాడే లోతులు 1.5, 3.0, 4.5 మిల్లీమీటర్లు. 4.5 గురిపెట్టేది ముఖ కండరాల మీద పరుచుకున్న ఎస్‌మాస్ అనే పొరకు. ముఖం పల్చగా ఉంటే అంతే లోతున మీ కొవ్వో, ఎముక దగ్గరి భాగమో ఉండొచ్చు. లోపలి పొరలను స్క్రీన్ మీద చూపించే యంత్రానికీ గుడ్డిగా కొట్టే యంత్రానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఆర్‌ఎఫ్, అల్ట్రాసౌండ్ రెండూ వేడితో చిన్న గాయం చేసి, అది మానేటప్పుడు చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ కొత్తగా పుట్టేలా చేస్తాయి. ఆ పని రెండు మూడు నెలలు పడుతుంది, ఆరో నెల దాకా కూడా మార్పు సాగుతుంది. ముప్పయ్యో రోజు అద్దంలో ఏమీ కనిపించకపోతే చికిత్స విఫలమైందని కాదు, ఇంకా పూర్తి కాలేదని. ఈ వాక్యం మళ్లీ చదవండి.

మీ దవడ దగ్గర జారింది ఏమిటి

నిటారుగా కూర్చుని దవడ అంచున జారిన భాగాన్ని రెండు వేళ్లతో పట్టుకోండి. మందంగా, మెత్తగా చేతికొస్తే అక్కడ కొవ్వు ఉంది. రెండు పొరల చర్మం తప్ప ఏమీ చిక్కకపోతే లోతైన వేడి మీకు శత్రువు. ఆ కాస్త కొవ్వూ పోతే చర్మానికి కింద ఆధారం పోతుంది, బిగిద్దామనుకున్నది ఇంకా జారుతుంది. తర్వాత వెల్లకిలా పడుకుని అద్దం పైకెత్తి చూడండి. అప్పుడు కనిపించే దవడ గీత కంటే మెరుగైనది ఈ మూడింటిలో ఏదీ ఇవ్వదు. అంత కావాలంటే అడగాల్సింది సర్జన్‌ని.

తరచూ కనిపించే వరస

నలభై మూడేళ్ల మనిషి అనుకోండి. ఏడాదిలో ఎనిమిది కిలోలు తగ్గారు. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డానికి రెండు పక్కలా చిన్న సంచుల్లా జారింది. మొదట అల్ట్రాసౌండ్, 4.5 తోనూ 3.0 తోనూ. ముప్పయ్యో రోజుకు ఏమీ తేడా లేదు. ఇంకో చోటికి వెళ్లి, మొదటిది చెప్పకుండా, ఆర్‌ఎఫ్ మైక్రోనీడ్లింగ్ చేయించుకున్నారు. సూది లోతు 3.5 మిల్లీమీటర్లు. యాభయ్యో రోజుకీ తృప్తి లేదు, ఈసారి థ్రెడ్స్. వారం రోజులు వాపుతో ముఖం నిండుగా, బిగుతుగా ఉంది. అందరూ బాగుందన్నారు.

మూడో నెలలో వాపు పూర్తిగా తీసింది. బుగ్గ ఎముక కింద పల్లం పడింది. నవ్వితే ఒక పక్క దారం గీతలా లేస్తోంది. దవడ దగ్గరి సంచి నీడ ఎప్పటిలాగే ఉంది, పైన పల్లం పడింది కాబట్టి ఇంకా పెద్దగా కనిపిస్తోంది. కొవ్వు కరిగిన సంగతి వారాల తర్వాత, కొన్నిసార్లు నెలల తర్వాత గానీ బయటపడదు. అందుకే రెండో చికిత్స చేసినవాళ్లకు మొదటిది ఏం చేసిందో కనిపించలేదు. ఇప్పుడు ఆ పల్లం ఏ చికిత్స వల్ల వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేరు. దాన్ని నింపడానికి ఫిల్లర్ గానీ, ఒంట్లోని కొవ్వు తీసి ఎక్కించడం గానీ కావాలి. అది కూడా ముఖం పూర్తిగా కుదుటపడ్డాకే.

ఇదే మనిషికి సరైన దారి వేరు. ముందు బరువు కొన్ని నెలలపాటు ఒకేచోట నిలవాలి. తర్వాత ఏదో ఒక్కటే, అదీ లోతు తగ్గించి. 4.5 కాకుండా 3.0, 1.5 తో. తొంభయ్యో రోజున పాత ఫొటో పక్కన పెట్టి చూడాలి. అప్పటిదాకా ఇంకేమీ వద్దు.

"మరి ఆర్‌ఎఫ్ నెలకోసారి చొప్పున మూడు సిటింగ్‌లు చేస్తారుగా?" అని అడగొచ్చు. చేస్తారు. అది మొదటి రోజే లోతు, శక్తి, వ్యవధి రాసిపెట్టుకుని, ప్రతిసారీ ముఖం చూసి ముందుకెళ్లే వరస. ఆ వరసలో చివరి సిటింగ్ నుంచి మళ్లీ మూడు నెలలు లెక్కపెట్టాలి. ఇక్కడ చెబుతున్నది అసహనంతో మధ్యలో దూర్చే చికిత్స గురించి.

వెళ్లేముందు, చేసేటప్పుడు, ఆ తర్వాత

పేస్‌మేకర్ లాంటి ఎలక్ట్రానిక్ పరికరం ఒంట్లో ఉంటే ఆర్‌ఎఫ్ వద్దు. దవడలో ప్లేటు, స్క్రూలు ఉంటే ముందే చెప్పండి.

గతంలో ఫిల్లర్లు, దారాలు, కొవ్వు కరిగించే ఇంజెక్షన్లు ఏవి, ఎప్పుడు, ఎక్కడ వేయించుకున్నారో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. సిగ్గుపడి దాచేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

రక్తం పల్చబడే మందులు వాడుతుంటే థ్రెడ్స్ కోసం మీ అంతట మీరు ఆపకండి. ఆ మందు రాసిన డాక్టరే చెప్పాలి.

పెదవి మీద పొక్కులు తరచూ వచ్చేవాళ్లు సూదుల చికిత్సకు ముందే ఆ సంగతి చెప్పాలి.

పళ్లు గట్టిగా కొరికి, బుగ్గ వెనక ఉబ్బే కండరం ముందు అంచున, దవడ ఎముక కింది గట్టు మీద వేలు పెట్టండి. నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. కింది పెదవిని కిందికి లాగే నరం ఆ రక్తనాళాన్ని దాటుకుంటూ అక్కడే వెళ్తుంది. ఆ చోటును ఎలా తప్పిస్తారని అడగండి. జవాబు తడబడితే లేచి వచ్చేయండి.

లోతు ఎంత, శక్తి ఎంత, ఏ కార్ట్రిడ్జ్, ఏ దారం, ఎన్ని: అన్నీ రాయించుకోండి. ఇవ్వనంటే చేయించుకోకండి.

ఫొటోలు ముందే తీయించుకోండి. ఎదురుగా, రెండు పక్కలా, సగం తిరిగి. ఒకే వెలుతురు, ఒకే దూరం, గడ్డం ఒకే ఎత్తు. ఇవి లేకుండా తొంభయ్యో రోజున తేల్చేది ఏమీ ఉండదు.

పైపైన చేసే ఆర్‌ఎఫ్‌కు నొప్పి తెలియనంత మత్తు వద్దు. వేడి మితిమీరిందని మొదట చెప్పగలిగేది మీరే.

అల్ట్రాసౌండ్‌లో పెదవి వైపు కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే వెంటనే ఆపమనండి. ఓర్చుకోకండి.

జెల్ తక్కువైనా, ప్రోబ్ సరిగా ఆనకపోయినా చర్మం పైన గీతల్లా కాలుతుంది. జెల్ దండిగా రాయమనండి.

కాలితే చల్లటి నీళ్లు. ఐసు నేరుగా పెట్టొద్దు. ముదురు రంగు చర్మానికి చిన్న కాలిన గాయం కూడా నెలలపాటు నల్ల మచ్చగా మిగలొచ్చు.

థ్రెడ్స్ తర్వాత రెండు మూడు వారాలు ముఖం మర్దన వద్దు, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచి కూర్చోవడం వద్దు. వెల్లకిలా పడుకోండి.

దారం కొస బయటికొస్తే లాగకండి. కత్తిరించకండి.

దారం వేసిన చోట చర్మం సొట్టపడితే మొదటి రెండు వారాలు చూడొచ్చు. ఎర్రబడి వేడిగా, నొప్పిగా ఉన్నా, చీము వచ్చినా ఒక్క రోజు కూడా చూడొద్దు.

మర్నాడు అద్దం ముందు "ఈ" అని కింది పళ్లు చూపించండి. ఒక పక్క పెదవి కిందికి దిగకపోతే అది మత్తు ఇంజెక్షన్ ప్రభావం కాదు, అప్పటికి అది పోయి ఉండాలి. ఫోన్ చేయండి. అల్ట్రాసౌండ్ తర్వాత వచ్చే ఈ బలహీనత చాలావరకు వారాల్లో తగ్గుతుంది, అయినా డాక్టరు చూసి నమోదు చేయాలి. అది పూర్తిగా తగ్గేదాకా ఆ దవడ మీద ఏ యంత్రమూ పెట్టనివ్వకండి.

ముప్పయ్యో రోజున "ఇంకో రౌండు చేద్దాం, ఆఫర్ ఉంది" అంటే వద్దు.

ఇంకో చోట ఇంకో యంత్రం ఉందంటే వద్దు.

వేడుక నెల రోజుల్లో ఉంటే ఏదీ వద్దు. మొదటి చికిత్సకే కనీసం నాలుగు నెలల ముందు తేదీ పెట్టుకోండి. మూడు నెలలు ఫలితానికి, ఒక నెల ఏదైనా తేడా వస్తే చూపించుకోవడానికి.