శుక్రవారం రాత్రి క్రిప్టో కాయిన్ పొజిషన్ ఓపెన్‌గా వదిలేసి పడుకునే ముందు

- ముందు సైజు తగ్గించండి. వీకెండ్‌లో ఆర్డర్ బుక్ పలచబడుతుంది కాబట్టి 100 దగ్గర కొని 97కి స్టాప్ పెట్టినా, అది మార్కెట్ ఆర్డర్‌గా మారి, అక్కడ కొనేవాళ్లు సరిపోక 95.5కి అమ్ముడైతే 3 అనుకున్న నష్టం 4.5 అవుతుంది.

- స్టాప్ లిమిట్ వాడితే లిమిట్‌ను ట్రిగ్గర్ కన్నా బాగా కింద పెట్టండి. రెండూ ఆనుకుని ఉంటే ధర దాటేసి పోతుంది, ఆర్డర్ మాత్రం అలాగే వేలాడుతుంది.

- ఫ్యూచర్స్‌లో ట్రిగ్గర్, చాలా ఎక్స్ఛేంజ్‌ల ధరలు కలిపి లెక్కేసే మార్క్ ప్రైస్ మీద ఉందా చూడండి. లాస్ట్ ప్రైస్ అయితే ఆ ఒక్క ఎక్స్ఛేంజ్‌లో ఎవరో కొట్టిన పెద్ద ఆర్డర్ విక్‌కే బయటపడతారు.

- ఎంట్రీ లిమిట్ ఆర్డర్‌తోనే. వాల్యూమ్ లేని ఆదివారం బ్రేకౌట్‌ని నేనైతే నమ్మను, సోమవారం కూడా నిలబడితే అప్పుడు చూద్దాం.