సాంబారులో బల్లి అని వాట్సాప్‌లో పుకారు పాకితే హోటల్ వాళ్లు ఏం చేయాలి?

తిరుపతిలో రెండు, రేణిగుంటలో ఒకటి, చిత్తూరులో ఒకటి, ఇలా నాలుగు బ్రాంచీలున్న టిఫిన్ హోటల్ మీది అనుకుందాం. శనివారం సాయంత్రం, యాత్రికుల రద్దీలో, "వీళ్ల సాంబారులో బల్లి, పదిమందికి వాంతులు" అంటూ ఒక వీడియో గ్రూపుల్లో తిరుగుతోంది. టెన్షన్‌లో "అంతా అబద్ధం" అని వెంటనే పోస్టు పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. రాత్రికి ఒక్కరు ఆసుపత్రిలో చేరినట్టు తేలినా, ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

1. సాంబారు వడ్డన ఆపండి, కానీ పారబోయకండి. వంట అంతా ఒకేచోట చేసి పంపుతుంటే నాలుగు బ్రాంచీల్లోనూ ఆపాలి. మిగిలినదాన్ని శుభ్రమైన డబ్బాల్లో పోసి, బ్రాంచి పేరు, టైము రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. కంగారులో తూములో పోస్తే సాక్ష్యం పోతుంది, చూసినవాళ్లకు తప్పు దాచినట్టే కనిపిస్తుంది.

2. వీడియోను ఆపి ఆపి చూడండి. బల్లిని కాదు, దాని చుట్టూ ఉన్నవి చూడండి. ప్లేటు అంచు, టేబుల్ రంగు, గోడ టైల్స్ మీవేనా? మీరు స్టీలు ప్లేటులో వడ్డిస్తుంటే, వీడియోలో అరిటాకు ఉందా? సీసీటీవీ ఫుటేజీని ఆ రాత్రే కాపీ చేయించండి, కొన్నాళ్లకు పాతది చెరిగిపోతుంది.

3. బల్లి, వాంతులు రెండూ వేరువేరు ఆరోపణలు. చాలామంది ఇక్కడే పొరబడతారు. బ్యాక్టీరియా లేదని ల్యాబ్ రిపోర్టు వచ్చినంత మాత్రాన ఒక ప్లేటులో బల్లి పడలేదని రుజువు కాదు. దానికి బిల్లు, ఫుటేజీ, కస్టమర్ మాట కావాలి. వాంతుల విషయంలో మాత్రం దాచిన శాంపిల్ పనికొస్తుంది. అందుకే రోజూ ప్రతి వంటకం నుంచి కొంచెం తీసి, 5 డిగ్రీల లోపు చల్లదనంలో మూడు రోజులు ఉంచే అలవాటు ముందే ఉండాలి. ఇబ్బంది పడ్డవారిని ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, వాంతులు ఎప్పుడు మొదలయ్యాయి అని అడిగి రాసుకోండి. అంతకంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

4. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకు మీరే ఫోన్ చేయండి. ఆయన తీసిన శాంపిల్‌కు ఉన్న విలువ మీరు పంపినదానికి ఉండదు. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం, శాంపిల్‌ను ల్యాబ్‌లో పరీక్షించే అనలిస్టు రిపోర్టుకు 14 రోజుల గడువుంది. అంతవరకు "క్లీన్ చిట్ వచ్చేసింది" అనకండి.

5. గంటలోపు చిన్న ప్రకటన ఇవ్వండి. ఇలా: "వీడియో మా దృష్టికి వచ్చింది. నాలుగు బ్రాంచీల్లో సాంబారు ఆపాం. అధికారులకు తెలిపాం. మా దగ్గర తిని ఇబ్బంది పడినవారు ఈ నంబరుకు ఫోన్ చేయండి. రాత్రి 9 గంటలకు మళ్లీ చెబుతాం." క్యాషియరు, సర్వరు కూడా ఇవే మాటలు చెప్పాలి. 9 గంటలకు కొత్త విషయమేమీ తెలియకపోయినా, తెలియలేదనే రాసి పోస్టు పెట్టండి.