పాఠం 3: వాల్వ్ స్ప్రింగు లెక్క – బలం, నిడివి, కంపనం

పోయిన పాఠంలో తీగ మందం d, చుట్టు సగటు వ్యాసం D అంటే ఏమిటో చూశాం. ఈసారి ఒక స్ప్రింగును మొదటినుంచి చివరిదాకా లెక్క కడదాం. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల మీద కరెంటు పోతే ఏరేటర్లను నడిపే సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్ ఉందనుకోండి. అది 1500 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. దాని వాల్వ్ స్ప్రింగు మనకు కావాలి.

వాల్వు మూసి ఉన్నప్పుడు 120 న్యూటన్ల ఒత్తిడి ఉండాలి. వాల్వు 9 మి.మీ. తెరుచుకున్నాక ఆ ఒత్తిడి రెట్టింపు కావాలి. అంటే 9 మి.మీ. నొక్కితే 120 న్యూటన్లు పెరగాలి, మి.మీ.కు దాదాపు 13.3. దీన్నే స్ప్రింగ్ రేటు, k అంటాం.

```
k = G × d⁴ / (8 × D³ × N)
```

G అంటే తీగ మెలితిప్పుకు ఎంత గట్టిగా నిలబడుతుందో చెప్పే సంఖ్య, స్టీలు తీగకు చదరపు మి.మీ.కు 78,500 న్యూటన్లు అనుకుందాం. N అంటే పనిచేసే చుట్లు మాత్రమే. d = 3.5, D = 28, N = 5 పెడితే k దాదాపు 13.4 వస్తుంది, మనకు కావాల్సినదానికి చాలా దగ్గర. ఈ సూత్రంలో d నాలుగో ఘాతంలో ఉందని గమనించండి. తీగ 3.5 బదులు 3.6 మి.మీ. వచ్చిందంటే రేటు 12 శాతం పెరిగిపోతుంది. అందుకే తీగను మైక్రోమీటరుతో కొలవాలి, స్కేలుతో కాదు. తయారయ్యాక పరీక్ష తేలిక. ముందు 10 కిలోల బరువు పెట్టి ఎత్తు కొలవండి, ఇంకో 10 కిలోలు వేసి మళ్లీ కొలవండి. తేడా 7.3 మి.మీ. దగ్గర ఉండాలి.

ఇక సాలిడ్ హైట్. చుట్లన్నీ ఒకదానికొకటి తగిలిపోతే మిగిలే ఎత్తు అది. రెండు చివరలూ మూసి, చదునుగా గ్రైండింగ్ చేస్తే ఆ చివరి చుట్లు పనిచేయవు గానీ చోటు తీసుకుంటాయి. మొత్తం 7 చుట్లు, 7 × 3.5 = 24.5 మి.మీ. 120 న్యూటన్ల కోసం మూసి ఉన్నప్పుడే 9 మి.మీ., తెరుచుకున్నాక మరో 9, అంటే వాల్వు పూర్తిగా తెరిచినప్పటికి స్ప్రింగు 18 మి.మీ. నొక్కుకుని ఉంటుంది. ఆ స్థితిలో కూడా 3.5 మి.మీ. ఖాళీ వదులుదాం. కలిపితే స్వేచ్ఛగా ఉన్నప్పటి నిడివి 46 మి.మీ. ఈ ఖాళీ లేకపోతే చుట్లు తగిలిన క్షణంలో స్ప్రింగు కడ్డీలా గట్టిపడిపోతుంది, పుష్‌రాడ్ వంగుతుంది.

బక్లింగ్, అంటే నొక్కినప్పుడు పక్కకు వంగిపోవడం, ఇక్కడ సమస్య కాదు. చివరలు చదునుగా కదలకుండా కూర్చుంటే నిడివి D కి 5.2 రెట్లు దాటనంత వరకు భయం లేదు. రెండు చివరలూ అటూ ఇటూ తిరగగలిగితే హద్దు 2.6 రెట్లే. మనది 46/28, అంటే 1.64. సన్నగా పొడుగ్గా ఉండే స్ప్రింగులకైతే లోపల కడ్డీ గానీ బయట గొట్టం గానీ పెట్టాలి. ఒక పక్కే గీసుకుని మెరుస్తుంటే అది వంగుతోందనే అర్థం.

అసలు జాగ్రత్త పడాల్సింది సర్జ్ దగ్గర. బావిలో వేలాడే మోకును పైన విదిలిస్తే అల కిందికి పోయినట్టు, కామ్ తట్టిన ప్రతిసారీ స్ప్రింగు పొడవునా ఒక అల పరుగెత్తి తిరిగి వస్తుంది. ఆ రాకపోకల వేగం కామ్ లయతో కలిస్తే మధ్య చుట్లు విపరీతంగా ఊగి, వాల్వు మీద ఒత్తిడి కొన్ని క్షణాలు పడిపోతుంది. చివరి చుట్లు ఒకదానికొకటి కొట్టుకున్న మెరుపు గీతలు దానికి గుర్తు.

```
f = ½ × √(k / m)
```

ఇక్కడ f అంటే ఆ అల సెకనుకు ఎన్నిసార్లు వచ్చిపోతుందో, m పనిచేసే చుట్ల బరువు, కిలోల్లో. k ని న్యూటన్/మీటరులో, అంటే 13,400 గా పెట్టాలి. మన తీగ బరువు 0.0332 కిలో, కాబట్టి f దాదాపు 318 హెర్ట్జ్. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఇంజన్ రెండుసార్లు తిరిగితే ఒకసారి వాల్వు తెరుచుకుంటుంది, కాబట్టి కామ్ లయ 12.5 హెర్ట్జ్. నిష్పత్తి 25. సాధారణంగా 15 నుంచి 20 రెట్లు ఉండాలంటారు. అంత దూరం ఎందుకంటే, కామ్ కదలికలో 12.5 మాత్రమే కాక దాని రెండింతలు, మూడింతలు, పదింతల కంపనాలు కూడా ఉంటాయి. పైకి పోయేకొద్దీ వాటి బలం తగ్గుతుంది.

ఇదే స్ప్రింగును 3000 ఆర్‌పీఎం ఇంజన్‌కు పెడితే నిష్పత్తి 12.7కి పడిపోతుంది, చాలదు. k మార్చలేం కాబట్టి బరువే తగ్గించాలి. d = 3.2, D = 24, N = 5.5 చేస్తే f 359కి పెరుగుతుంది. కానీ వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు తీగలో ఒత్తిడి చదరపు మి.మీ.కు 475 నుంచి 544 న్యూటన్లకు ఎగబాకుతుంది. పైగా నిష్పత్తి ఇంకా 14.4 దగ్గరే ఆగింది. ఈ బేరం సర్జ్ లెక్కలో ఎప్పుడూ తప్పదు. తీగను ఇంకా తేలిక చేస్తూ పోతే ఒత్తిడి హద్దు దాటుతుంది. అందుకే వేగంగా తిరిగే ఇంజన్లలో ఒకదానిలో ఒకటి, వ్యతిరేక దిశలో చుట్టిన రెండు స్ప్రింగులు కనిపిస్తాయి.

తీరప్రాంతం వాళ్లకు ఒక మాట. షెడ్డులో పడి ఉన్న స్పేరు స్ప్రింగు మీద ఉప్పుగాలికి తుప్పు గుంటలు పడితే దాన్ని వాడొద్దు. పగులు అక్కడినుంచే మొదలవుతుంది, ఈ లెక్కలేవీ దాన్ని ఆపవు.

వచ్చే పాఠానికి ముందు ఒక లెక్క: 3000 ఆర్‌పీఎం కోసం k 13.4 గానే ఉంచి, నిష్పత్తి 15 దాటేలా d, D, N వెతకండి. ప్రతిసారీ సాలిడ్ హైట్ కూడా రాసుకోండి. వాటి ఒత్తిడిని వచ్చే పాఠంలో కలిసి లెక్క కడదాం.